మండువా పెట్టాలంటే ముందు సెక్షన్ గీయించండి

విశాఖలో 200 గజాల స్థలంలో ఇల్లు కట్టుకునేవాళ్లు ‘మధ్యలో మండువా కావాలి’ అని అడిగితే, చాలాసార్లు ప్లాన్‌లో అయిదడుగుల చదరం గీసి ‘ఓటీఎస్’, అంటే ‘ఓపెన్ టు స్కై’ అని రాసి ఇస్తారు. రెండంతస్తులు లేచాక అది బావిలా తయారవుతుంది. కింద పగలే లైటు వేసుకోవాలి. మండువా పనిచేస్తుందో లేదో ప్లాన్‌లో తెలియదు. ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే సెక్షన్‌లోనే తెలుస్తుంది.

30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు ఉన్న స్థలం తీసుకుందాం. రోడ్డు దక్షిణాన ఉంది. తూర్పు పడమరల్లో జీ ప్లస్ టూ ఇళ్లు ఉన్నాయి. ముందు 5 అడుగులు, మిగతా వైపులా మూడేసి అడుగులు వదిలితే ఇంటికి 24 × 52 మిగులుతుంది. నడుమ మండువాకు తూర్పు పడమరలుగా 10, ఉత్తర దక్షిణాలుగా 12 అడుగులు ఇద్దాం. అంటే ఒక్కో అంతస్తులో 120 చదరపు అడుగులు వదులుకుంటున్నట్టే.

ముందు వెలుతురు సంగతి. ఇరుపక్కలా ఎత్తు ఇళ్లు ఉండటంతో పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ మండువాలోకి దిగవు. మధ్యాహ్నం అటూ ఇటూ వచ్చేదే మనకు దక్కేది. డిసెంబరు మూడో వారంలో విశాఖలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మండువాకు ముందున్న భాగం రెండంతస్తులై, పిట్టగోడతో కలిపి 24 అడుగులు ఉంటే, దాని నీడ 21 అడుగులు పడుతుంది. మండువా నేల, దానికి ఉత్తరాన ఉన్న కింది గది మొత్తం ఆ నీడలోనే ఉంటాయి. అదే ముందు భాగాన్ని ఒక్క అంతస్తుకే ఆపితే పిట్టగోడతో 14 అడుగులు, నీడ 12 అడుగులు. ఎండ సరిగ్గా ఉత్తరపు గది గోడ మొదట్లో నుంచి పడుతుంది. కాబట్టి పై అంతస్తు ఉత్తరం వైపు భాగం మీదే రావాలి. ముందు వైపు పైన కూడా గది వేద్దామని ఇంట్లోవాళ్లు పట్టుబడితే, మండువా ఆశ వదులుకోవడమే మేలు. జూన్‌లో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కనుక నేలకు నల్ల గ్రానైటు వద్దు, కాలు పెట్టలేరు.

గాలి విషయంలో మనవాళ్లకు ఒక భ్రమ ఉంది. మండువా ఉంటే చాలు, ఇల్లు దానంతట అదే చల్లబడుతుందని అనుకుంటారు. పొడి వాతావరణం ఉన్న ఊళ్లలో రాత్రి చల్లబడిన గాలి మండువాలో నిలిచి పొద్దున కాసేపు హాయినిస్తుంది. విశాఖలో రాత్రి కూడా ఉక్కపోతే. ఇక్కడ ఒంటికి సుఖం గాలి కదిలితేనే. ఎండాకాలంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వస్తుంది. ముందు గదికి రోడ్డు వైపు పెద్ద కిటికీలు, వాటికి ఎదురుగా మండువా వైపు అంతకంటే తగ్గని తలుపులు ఉంటే, గాలి గదిలోంచి నడిచి మండువా మీదుగా పైకి పోతుంది.

దీన్ని పాడుచేసేది వాన భయం. తొలి వానకే పైన పాలీకార్బొనేట్ షీటు బిగించి నాలుగు వైపులా మూసేస్తారు. దాంతో వేడి గాలికి బయటికి దారి ఉండదు. షీటు తప్పదనుకుంటే పిట్టగోడకు రెండడుగులు పైన నిలబెట్టి, అంచులు బయటికి చాపాలి. హుద్‌హుద్ తుపానును చూసిన ఊరు కనుక బిగింపు గట్టిగా ఉండాలి. ఎండాకాలం సాయంత్రం ముందు గది మధ్యలో అగరుబత్తి వెలిగించి చూడండి. పొగ మండువా వైపు వంగి పైకి పోతే అంతా సరిగా ఉన్నట్టు. గదిలోనే సుడి తిరుగుతుంటే బయటికి దారి చాలడం లేదని అర్థం.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది చాటు. పక్కింటి రెండో అంతస్తు బాల్కనీలో నిల్చున్న మనిషి కన్ను సుమారు 26 అడుగుల ఎత్తులో ఉంటుంది. ఆ ఇంటికీ మన గోడకూ మధ్య ఆరడుగులే. మండువాను తూర్పు గోడకు ఆనించి, ఆ గోడను 14 అడుగులు లేపినా, వాళ్ల చూపు గోడ మీదుగా దిగి నేలలో అవతలి మూడడుగులను తాకుతుంది. అదే తూర్పున నాలుగడుగుల నడవ వేసి, దాని శ్లాబు మీద మండువా వైపు పిట్టగోడ కడితే, చూపు ఎదుటి గోడను రెండడుగుల ఎత్తున తాకి ఆగిపోతుంది. నేల మీద కూర్చున్నవాళ్లు వాళ్లకు కనిపించరు. పడమటి వైపు పదడుగుల గది ఉంది కనుక అటు ఇబ్బందే లేదు. నడవ ఎలాగూ కావాల్సిందే, దాన్ని ఏ పక్కన పెడతామన్నదే ఇక్కడ తేడా.

పక్కన అయిదంతస్తుల అపార్టుమెంటు ఉంటే మాత్రం ఈ లెక్క చాలదు. పై ఫ్లాట్ల నుంచి నేలలో కొంత కనిపించక మానదు. అప్పుడు పైన ఏటవాలు చెక్క పట్టీలు వేయాలి, వాటితో వెలుతురూ కొంత తగ్గుతుంది. 100 గజాల స్థలమై, రెండు పక్కలా అపార్టుమెంట్లే ఉంటే నేనైతే మండువా వద్దంటాను. ఆ జాగాను ఇంటి ముందు వదిలితే గాలైనా దక్కుతుంది.