కాపలాదారు

స్నేహితుడి వెబ్‌సైట్ బతికుందో లేదో 5 నిమిషాలకోసారి చూసి, పడిపోతే నా ఫోను మోగించే చిన్న స్క్రిప్ట్ రాసి, ఓ సర్వర్‌లో క్రాన్‌కి అప్పగించాను. అసలు పని అంతా ఒక్క లైనే:

```
curl -s -o /dev/null "$URL" || ./alert.sh
```

వారం తిరక్కుండానే వాడి ఫోన్. "ఒరేయ్, సైట్ నిండా 500 ఎర్రర్. నీ కాపలావాడేడి?" లాగ్ చూస్తే పొద్దుట్నుంచీ అంతా క్షేమం. తలుపు కొడితే లోపల్నుంచి "ఇంట్లో ఎవరూ లేరు" అని ఎవరో అరిచారట. మనవాడు "సమాధానం వచ్చింది, ఉన్నారు" అని రాసుకొచ్చేశాడు. సర్వర్ ఏదో ఒకటి పలికితే చాలు, అది 500 అయినా సరే, కర్ల్ దృష్టిలో పని జరిగినట్టే. `-f` అని చేరిస్తేనే 400, ఆపై నంబర్లను వైఫల్యంగా లెక్కేస్తుంది. చేర్చాను. పది సెకన్లకు మించి ఎదురుచూడొద్దని `-m 10` కూడా పెట్టాను.

ఆ రాత్రే 1:40కి ఫోను మోగింది. హోస్టింగ్ వాళ్లు ఏవో మరమ్మతులు చేసుకుంటున్నారు, నేను చేయగలిగిందేమీ లేదు. పడుకున్నాను. 1:45కి మళ్లీ. 1:50కి మళ్లీ. సైలెంట్‌లో పెట్టినా మోగుతోంది, ఎందుకంటే సైలెంట్‌లో ఉన్నా మోగేలా నేనే ఎంతో ముందుచూపుతో పెట్టుకున్నాను. ఆపుదామంటే లాప్‌టాప్ ఆఫీసులో ఉంది. ఫోనే కట్టేస్తే పోయేదని ఇప్పుడు తెలుస్తోంది గానీ, నిద్రలో బుర్ర అంతదూరం పోలేదు. దుప్పట్లో చుట్టి బీరువాలో పెడితే బీరువా మోగింది.

"ఏమండీ, సైట్ పడిపోయిందని ఎన్నిసార్లు చెబుతుందండీ? ఒకసారి చెబితే మీకు అర్థం కాదా?" అంది మా ఆవిడ.

4:35కి చివరిది. మొత్తం 36.

నిజానికి నేను చదివిన సలహాలన్నిటికన్నా ఆవిడ మాటే సూటిగా ఉంది. తెల్లారగానే అమల్లో పెట్టాను. పడిపోయినప్పుడు ఓ ఖాళీ ఫైలు గుర్తుగా పెట్టాలి, ఆ గుర్తుంటే మళ్లీ మోగకూడదు:

```
curl -fsS -m 10 -o /dev/null "$URL" && exit
[ -e ~/down ] && exit
touch ~/down
./alert.sh
```

పరీక్షకని అడ్రసులో ఓ అక్షరం తప్పు రాసి నడిపాను. ఒక్కసారే మోగింది. మళ్లీ నడిపితే నోరెత్తలేదు. మురిసిపోయి అడ్రసు సరిచేశాను.

ఆ తర్వాత ఇంట్లో ప్రశాంతతే ప్రశాంతత. రెండు వారాలయ్యాక మా ఆవిడే అడిగింది, "ఈమధ్య ఫోను మోగట్లేదు, సైట్ బాగుందాండీ?" అని. "మన స్క్రిప్ట్ అలాంటిది మరి" అంటూ ఉండగానే స్నేహితుడి ఫోన్. రాత్రి నుంచీ సైట్ లేదట.

సర్వర్‌లోకి వెళ్లి `ls -l ~/down` కొట్టాను. నేను పరీక్ష చేసిన రోజు తేదీతో, సున్నా బైట్లతో, కూర్చున్నచోటే కూర్చుంది. సైట్ లేచాక దాన్ని తీసేయమని స్క్రిప్ట్‌లో ఎక్కడా చెప్పలేదు. మొదటి లైనులో `exit`కి ముందు ఒక్క `rm -f ~/down` పడాల్సింది.

"ఏమైందండీ?" అంది.

"ఒకసారి చెప్పింది కదా, చాలనుకుంది" అన్నాను.