మర్నాడే వల వేస్తే లెక్క తప్పుతుంది

“200 చేపలకు గుర్తు పెట్టి వదిలాం. మర్నాడు అక్కడే వల విసిరితే 150 పడ్డాయి, అందులో 60 గుర్తువి. అంటే చెరువులో 500 చేపలేనా?”

గుణకారం సరే, 200×150÷60 అంటే 500 వస్తుంది. తప్పు వల వేసిన చోట ఉంది. వదిలిన చేపలు ఒక్కరోజులో చెరువంతా కలవవు, ఆ మూలలోనే ఉంటాయి. అక్కడే పడితే గుర్తువి ఎక్కువ వస్తాయి, మొత్తం తక్కువగా తేలుతుంది.

వారం ఆగి, లాగుడు వలతో వేర్వేరు చోట్ల పట్టండి. ఉదాహరణకు తూము దగ్గర 50లో 8, నడుమ 50లో 9, అవతలి గట్టున 50లో 7 వచ్చాయనుకోండి. మూడుచోట్లా ఇంచుమించు ఒకే పాలు కాబట్టి బాగా కలిశాయన్నమాట. ఒకచోట 20, ఇంకోచోట 2 వస్తే ఇంకా ఆగాలి.

ఇప్పుడు 150లో 24. పాత సూత్రం 1250 అంటుంది. గుర్తువి తక్కువ పడినప్పుడు అది కాస్త ఎక్కువ చూపిస్తుంది కనుక మూడు సంఖ్యలకూ ఒక్కొక్కటి కలిపి, చివర ఒకటి తీసేసే చాప్‌మన్ సవరణ వాడడం మేలు:

(201×151÷25) − 1 ≈ 1213

దీన్ని కచ్చితమైన సంఖ్య అనుకోవద్దు. 24 మీద వేసిన అంచనా కాబట్టి అసలు సంఖ్య దాదాపు 800 నుంచి 1600 లోపు ఎక్కడైనా ఉండొచ్చు.

గుర్తుకు పొట్ట కింది రెక్క కొస కొద్దిగా కత్తిరిస్తే చాలు, కానీ నెలలు గడిస్తే అది మళ్లీ పెరుగుతుంది. గుర్తు పెట్టినవి కొన్ని చచ్చినా చెరువులో చేపలు ఎక్కువున్నట్టే కనిపిస్తుంది. తేలినవాటిని ఏరి 200 లోంచి తీసేయండి. వల కన్ను దాటిపోయే పిల్లలు ఈ లెక్కలోకి అసలు రావు.