9 శాతం ఫ్లాట్ అంత చవకేమీ కాదు
“9 శాతం ఫ్లాట్ వడ్డీకి దొరికితే 12 శాతం బ్యాంకు రుణం ఎందుకు?” ఎందుకంటే బ్యాంకుదే చవక. మా మేనల్లుడు గాజువాకలో స్కూటర్ కొనబోతే షోరూమ్‌లో ఒక చీటీ మీద రాసిచ్చారు: అప్పు లక్ష, 9 శాతం, 36 నెలలు, వాయిదా 3,528. శాతం పక్కన ‘ఫ్లాట్’ అన్న మాటే లేదు. ఏటా 9,000 చొప్పున మూడేళ్లకు వడ్డీ 27,000. పద్దెనిమిది వాయిదాలు కట్టేసరికి అసలు దాదాపు 56 వేలకు దిగిపోతుంది, అయినా వడ్డీ మాత్రం పూర్తి లక్ష మీదే పడుతుంది. అదే బ్యాంకులో తగ్గే నిల్వపై, అంటే ఇంకా మిగిలిన అసలు మీదే, 12 శాతమైతే వాయిదా 3,321, మొత్తం వడ్డీ సుమారు 19,570. తేడా ఏడు వేల పైమాటే! ఆ ఫ్లాట్ రేటును తగ్గే నిల్వ లెక్కలోకి మారిస్తే 16 శాతం దాటుతుంది. ఫీజుల కింద 3,000 ముందే కోసుకుంటే చేతికొచ్చేది 97,000, నిజంగా పడే రేటు 18 శాతం పైనే. ఎక్సెల్‌లో =RATE(36,-3528,97000)*12 అని కొట్టి చూడండి. అంత శ్రమ వద్దనుకుంటే సంతకానికి ముందు రుణం వివరాలన్నీ చూపే ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అడగండి. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే రిటైల్ రుణాలకు అది ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. అందులో ఏపీఆర్ అని ఉండే వార్షిక శాతంలో ఫీజులూ కలిసే ఉంటాయి. రెండు చోట్లా ఒకే కాలానికి ఆ అంకెనే పోల్చండి, చీటీ మీది శాతాన్ని కాదు.