పదో నెల కలలు

అద్దె ఇళ్లవాళ్లకు ఇల్లు మారే కలలు పదో నెలలో పడతాయి. 14 ఏళ్లుగా అద్దె కడుతూ నేను సొంతంగా తేల్చిన సిద్ధాంతమిది. ఏడాది మించిన ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పదు కాబట్టి మన అగ్రిమెంట్లు 11 నెలలకే రాస్తారు. కొత్త ఇంట్లో పాలు పొంగించిన గిన్నె ఆరకముందే గడువు దగ్గర పడుతుందన్నమాట.

ఈసారి సోమవారం సాయంత్రం ఓనరుగారు ఫోన్ చేశారు. "మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడండీ." ఆ రాత్రే కల. అట్టపెట్టెలు ఎన్ని నింపినా సామాను తరగదు, గ్రైండరు ఏ పెట్టెలోనూ పట్టదు, కింద ట్రాలీ ఆటోవాడు హారన్ ఆపడు. మర్నాటి నుంచి హాయిగా నిద్రపోయాను. పగటి సంగతి కొన్నిసార్లు ఆ రాత్రికి కలలోకి వచ్చి, మళ్లీ ఐదు నుంచి ఏడు రోజులకు తిరిగొస్తుందని నిద్ర మీద పరిశోధన చేసేవాళ్లు అంటారు. అడ్వాన్సు మాత్రం అలా తిరిగి రాదు.

చెప్పినట్టే ఆదివారం వచ్చింది. ఈసారి ఎన్నడూ చూడని ఇల్లు. హాలు వెనక గది, దాని వెనక ఇంకో గది. అంతా మాదే! ఎవరి పేరున ఉంది, లోను తీరిందా అని నేను అడిగితే ఒట్టు. కలలు జోరుగా వచ్చే నిద్రలో మెదడు ముందుభాగంలో తర్కం చూసే విభాగం మందగిస్తుంది, భయాల విభాగం మాత్రం ఓవర్‌టైం చేస్తుంది. కాగితాలు తనిఖీ చేసే గుమాస్తా సెలవులో ఉన్నప్పుడు ఏ ఇల్లయినా మనదే.

పెద్దవాళ్లకూ తప్పలేదు. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు యూంగ్ 1909లో కలలకు అర్థాలు విప్పే ఫ్రాయిడ్‌తో కలిసి అమెరికా ప్రయాణంలో ఉండగా ఇలాంటి కలే కన్నాడు. తెలియని రెండంతస్తుల ఇల్లు, కానీ తనదే. కిందికి దిగేకొద్దీ పాతకాలం, అట్టడుగున గుహలో రెండు పుర్రెలు. అవెవరివో చెప్పమని ఫ్రాయిడ్ పట్టుబట్టాడు. వాదన ఎందుకులే అని యూంగ్ "మా ఆవిడవీ, మరదలివీ" అనేశాడు. అదే మా ఇంట్లో అని ఉంటే, తెల్లారేసరికి ఆయన ఒక్కడి సామానే అట్టపెట్టెల్లో ఉండేది.

నిన్న మూడోసారి. అదే ఇల్లు, అవే గదులు. బెల్లు మోగితే తలుపు తీశాను. గుమ్మంలో భార్యాభర్తలు, వెనక ట్రాలీ ఆటో, చేతుల్లో పాలగిన్నె. టు-లెట్ బోర్డు చూసి వచ్చారట. మా వాడు చదివేది ఆరో తరగతి. అయినా నా నోటి నుంచి తడబాటు లేకుండా వచ్చిన మాట:

"మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడండీ."