కప్పంటే 250 గ్రాములని ఎవరు చెప్పారు మీకు?

మా కాలనీ ఆడవాళ్లు వేస్తున్న వంటల పుస్తకం ప్రూఫు ఇందాకే వాట్సాప్‌లో వచ్చింది. చూసినప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. మా అత్త చెప్పిన రాగి సంగటి నేనే రాసిచ్చాను. గ్లాసు బియ్యం, గ్లాసు రాగిపిండి, ఐదు గ్లాసుల ఎసురు, తగినంత కల్లుప్పు. అంతే. ప్రూఫులో మాత్రం బియ్యం 250 గ్రాములు, రాగిపిండి 250 గ్రాములు, నీళ్లు లీటరుంపావు అని ఉంది. అడిగితే "అందరికీ అర్థం కావాలని మెట్రిక్‌లోకి మార్చాం" అన్నారు.

గ్లాసన్నా కప్పన్నా ఒకటే అనుకుని, కప్పు 250 మిల్లీలీటర్లు అని ఎక్కడో చదివి, అన్నిటికీ 250 గ్రాములు వేసేశారు. మిల్లీలీటరు, గ్రాము ఒకటయ్యేది నీళ్లకు మాత్రమే! బియ్యానికి కాదు, పిండికి అసలే కాదు. మా ఇంట్లో స్టీలు గ్లాసు 200 మిల్లీలీటర్లది. దాన్నిండా బియ్యం పోసి తూకం వేస్తే 160 గ్రాములు దాటదు. రాగిపిండి అదిమి కూరకుండా పోస్తే 115 దగ్గర ఆగుతుంది. అంటే మా అత్త లీటరు ఎసురులో వేసే పిండి 115 గ్రాములు. పుస్తకం లెక్కలో లీటరుకు 200 గ్రాములు పడుతోంది. బియ్యం కూడా ఎక్కువే పడుతోంది.

ఆ సంగటి ఎవరైనా చేసి చూడండి. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా, కట్టెతో నడుమ బొక్క చేసి మూత పెడతాం. ఆ బొక్కలోంచి ఎసురు పైకి పొంగి పిండిని ఉడికించాలి. పిండి ఇంత ఎక్కువైతే ఆ ఎసురు పైకి రాదు, అడుగున మాడుతుంది, పైన పచ్చిపిండి అలాగే ఉంటుంది. గెలికేటప్పుడు కట్టె కదలదు. ముద్ద విరిస్తే లోపల తెల్లగా పొడి ఉండలు కనబడతాయి. చెయ్యి తడిచేసుకుని తాకితే అంటకూడదు, అదీ ఉడికిందనడానికి గుర్తు. "ఎసురు ఎక్కువైతే కాసేపు ఎక్కువ ఉడికించుకోవచ్చు, పిండి ఎక్కువైతే మాత్రం చేతులు పడిపోతాయమ్మా" అంటుంది అత్త. ఇప్పుడు ఆ పుస్తకం చదివి చేసినవాళ్లు తిట్టేది ఎవరిని? పేజీ పైన ఉన్నది మా అత్త పేరు.

అసలు గ్లాసుతో చెప్పడంలో ఉన్న సుఖం ఏంటంటే, గ్లాసు చిన్నదా పెద్దదా అన్నది అక్కర్లేదు. అన్నీ ఒకే గ్లాసుతో పోస్తాం కాబట్టి వంతు మారదు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, అమెరికా కప్పు సుమారు 240. దేంతో కొలిచినా సంగటి సంగటిలాగే వస్తుంది. గ్రాముల్లో చెప్పాలంటే బియ్యానికి వేరే, పిండికి వేరే తూకం వేసి చెప్పాలి. అంత ఓపిక లేనప్పుడు ముట్టుకోకండి.

పులిహోర పేజీ ఇంకా ఘోరం. చిటికెడు ఇంగువను అర టీస్పూన్ చేశారు. కొలత చెంచాల సెట్లలో చిటికెడుకు కూడా చిన్న చెంచా ఉంటుంది, మామూలుగా అది టీస్పూనులో పదహారో వంతు. అర టీస్పూన్ అంటే ఎనిమిది చిటికెలు! చేదెక్కిన ఆ పులిహోర ఎవరు తింటారు? కల్లుప్పు స్పూను తీసేసి మెత్తటి ఉప్పు స్పూను పెట్టారు. కల్లుప్పు గడ్డల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి స్పూనులో తక్కువ పడుతుంది, మెత్తటిది కిక్కిరిసి ఎక్కువ పడుతుంది. వంట చేసే ఏ ఆడమనిషికైనా తెలిసిన సంగతి ఇది.

నాకు ఇంత కోపం రావడానికి ఇదొక్కటే కారణం కాదు. తిరుపతిలో ఒక వంటల పోటీలో అత్త ఊరిబిండి పచ్చడి చేసింది. చీటీలో "చారెడు చెనక్కాయలు, పిడికెడు ఎండుమిరపకాయలు" అని రాసింది. జడ్జిగా వచ్చినావిడ మైకులో "చారెడు అంటే ఎన్ని గ్రాములమ్మా?" అని అడిగింది. అత్త అరచెయ్యి గుంటచేసి చూపించింది. చారెడంటే అదే కదా, తెరిచిన ఒక్క చేతి గుంటలో పట్టినంత. వేళ్లు మూస్తే పిడికెడు, రెండు చేతులూ కలిపితే దోసెడు. మూడింటికి మూడు కొలతలు, చేతిలోనే ఉన్నాయి. జనం నవ్వారు. కొలతలు సరిగా లేవని మార్కులు తీసేశారు. ఆ ఊరిబిండి ఆవిడ రుచి కూడా చూడలేదు. ఇంటికొచ్చాక అత్త ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు, ఆ మాట ఇప్పటికీ ఎత్తదు.

అందుకే చెబుతున్నా, పుస్తకం అచ్చుకు పోకముందే ఆ పేజీ మార్చాలి. గ్లాసు అని నేను రాసింది గ్లాసుగానే ఉంచండి, కింద "200 మిల్లీలీటర్ల గ్లాసు, బియ్యం 160, రాగిపిండి 115 గ్రాములు" అని ఒక్క లైను వేయండి. సవరించిన పేజీ గ్రూపులో పెట్టాను. అది వేయకపోతే అత్త పేరు తీసేయండి.