సవరణ: సిగరెట్ మానేశాక దగ్గు గురించి

"అన్నా, మానేస్తే వారంలో దగ్గు పోతుందని రాశావు, నాకు పన్నెండో రోజు, ఇంకా ఎక్కువైందేంటి?"

తప్పు నాదే తమ్ముడూ, ఆ వారం లెక్క తీసేశాను. ఊపిరి గొట్టాల లోపలి గోడల మీద సీలియా అని కంటికి కనపడనంత సన్నటి నూగు ఉంటుంది, అది అలలా కదులుతూ కఫాన్ని, అందులో చిక్కిన మసిని గొంతు దాకా నెట్టుకొస్తుంది. పొగ దాన్ని మొద్దుబారుస్తుంది, కొంత రాలగొడుతుంది కూడా. మానేశాక అది మళ్లీ కదలడం మొదలుపెడుతుంది, కానీ కఫం గ్రంథులు పాత అలవాటు కొద్దీ ఇంకా ఎక్కువే ఊరిస్తుంటాయి, అందుకే కొందరికి కొన్ని వారాలు దగ్గు పెరుగుతుంది. నాకైతే పొద్దున పళ్లు తోముకునేటప్పుడు సింకులో గోధుమరంగు జీరల కఫం పడేది, నెలన్నరకి తెల్లబడింది.

కఫం పడుతుంటే దగ్గును అణిచే సిరప్ వద్దు, వచ్చేది రానీ, గోరువెచ్చని నీళ్లు తాగు. రక్తం, జ్వరం, ఆయాసం, బరువు తగ్గడం ఉంటే మాత్రం ఇదే కారణమని కూర్చోకు. రెండు వారాలు దాటిన దగ్గుకి మన దగ్గర ఎలాగూ టీబీ పరీక్ష చేస్తారు, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, కఫం ఇచ్చిరా.