రెండేళ్ల కాంట్రాక్ట్ మధ్యలో తీసేస్తే ఎంత వస్తుంది? ఒక ఫార్వర్డ్ మెసేజీకి ఖండన

"రెండేళ్ల కాంట్రాక్ట్ రాసిచ్చిన కంపెనీ మధ్యలో నోటీసు లేకుండా తీసేస్తే మిగిలిన నెలల జీతం మొత్తం కట్టి తీరాలి. ఈలోగా ఇంకో ఉద్యోగంలో చేరొద్దు, చేరితే కేసు పోతుంది. కోర్టు మళ్లీ అదే సీట్లో కూర్చోబెడుతుంది. నోటీసు ఇవ్వనందుకు, మనోవేదనకు వేరుగా లక్షలు వస్తాయి. అందరికీ పంపండి."

మొదటి వాక్యంలో సగం నిజం ఉంది. ఆ సగం నిజమే ఎక్కువ మందిని ముంచుతోంది కాబట్టి దాని దగ్గరే ఎక్కువసేపు ఆగాలి.

కాంట్రాక్ట్‌ను ఉల్లంఘిస్తే నష్టపరిహారం ఎంత అన్నది మన కాంట్రాక్ట్ చట్టం 73వ సెక్షన్ చెబుతుంది. కాంట్రాక్ట్ సరిగ్గా నడిచి ఉంటే మీ చేతికి వచ్చేదెంత, ఇప్పుడు వచ్చిందెంత, ఆ రెంటికీ మధ్య తేడాయే మీ నష్టం. ఇక్కడ "సరిగ్గా నడవడం" అంటే రెండేళ్లూ నడవడమే అనుకుంటాం. కానీ కాంట్రాక్ట్‌లో "ఇరుపక్షాల్లో ఎవరైనా 60 రోజుల నోటీసు ఇచ్చి లేదా ఆ మేరకు జీతం చెల్లించి ముగించవచ్చు" అన్న క్లాజు ఉంటే, కంపెనీ ఏ తప్పూ చేయకుండానే 60 రోజుల్లో మిమ్మల్ని పంపించగలదు. నోటీసు ఇవ్వకపోవడం ఉల్లంఘనే. అయితే దానివల్ల మీరు కోల్పోయింది ఆ 60 రోజులు మాత్రమే. కాబట్టి చూడాల్సింది కాంట్రాక్ట్ ఎప్పుడు ముగుస్తుందని కాదు. తప్పు చేయకుండా కంపెనీ అన్నిటికంటే ముందుగా బయటపడగలిగిన తేదీ ఏది? లెక్క ఆ తేదీ దాకానే.

ఈ సూత్రం మీద పాత ఇంగ్లండ్ కేసు ఒకటి మన నేలకు సంబంధించిందే. గ్రామఫోన్ కంపెనీకి కలకత్తాలో ఆడిస్ అనే మేనేజర్ ఉండేవాడు. వారానికి 15 పౌండ్ల జీతం, పైన కమీషన్. ఆరు నెలల నోటీసుతో తీసేయవచ్చని షరతు. 1905లో కంపెనీ నోటీసైతే ఇచ్చింది గానీ, ఆ వెంటనే ఇంకొకరిని ఆ పదవిలో పెట్టి, ఆడిస్‌ను మేనేజర్‌గా పనిచేయనివ్వలేదు. జ్యూరీ అక్రమ తొలగింపుకు 600 పౌండ్లు ఇచ్చింది. 1909లో అప్పటి ఇంగ్లండ్ అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ అది ఎక్కువన్నది. ఆరు నెలల జీతం, ఆ ఆరు నెలల్లో రావాల్సిన కమీషన్, అంతకు మించి లేదని తేల్చింది. మన సుప్రీంకోర్టు కూడా ఇండియన్ ఆయిల్, అమృత్‌సర్ గ్యాస్ కేసులో ఇదే దారిలో నడిచింది. అది ఉద్యోగం కాదు, డీలర్‌షిప్. 30 రోజుల నోటీసుతో ముగించదగిన ఒప్పందం కాబట్టి ఆ 30 రోజుల నష్టమే ఇప్పించింది.

మరి మెసేజీలోని నిజం సగం ఏది? నోటీసు క్లాజే లేని నిర్ణీత కాల కాంట్రాక్ట్. ఎస్.ఎస్. శెట్టి, భారత్ నిధి కేసులో 1957లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి చెప్పింది. నిర్ణీత కాలానికి ఉద్యోగంలో పెట్టుకుని మధ్యలో అక్రమంగా తీసేస్తే, కాలం పూర్తయ్యేదాకా వచ్చి ఉండే జీతభత్యాలే పరిహారానికి కొలత, వేరే ఉద్యోగం వెతుక్కుని నష్టం తగ్గించుకోవాలన్న నియమానికి లోబడి. మెసేజీ రాసినవారు చివరి ముక్కను వదిలేశారు.

అంకెల్లో చూద్దాం. హైదరాబాదులో ఒకరికి 2024 జూన్ 1 నుంచి 2026 మే 31 దాకా కాంట్రాక్ట్, నెలకు 60,000. 2025 జనవరి 31 సాయంత్రం ఒక్క ఈమెయిల్‌తో తీసేశారు, కారణం చెప్పలేదు. మిగిలింది 16 నెలలు. మెసేజీ ప్రకారం 9,60,000 రావాలి.

60 రోజుల నోటీసు క్లాజు ఉంటే వచ్చేది రెండు నెలలది, 1,20,000. ఆ రెండు నెలల్లో కాంట్రాక్ట్ ప్రకారం దక్కాల్సిన ఇతర భత్యాలు దానికి కలుస్తాయి.

క్లాజుతో పాటు "మొదటి 12 నెలల్లో ఎవరూ ముగించరాదు" అన్న లాక్-ఇన్ కూడా ఉందనుకోండి. తీసేసేనాటికి ఎనిమిది నెలలే అయ్యాయి. లాక్-ఇన్ 2025 మే 31తో తీరుతుంది. నోటీసును ముందే ఇచ్చి ఆ తేదీకి ముగిసేలా చూసుకునే వీలుంటే నాలుగు నెలలు, 2,40,000. లాక్-ఇన్ తీరాకే నోటీసు ఇవ్వాలని రాసి ఉంటే ఆరు నెలలు, 3,60,000. ఒక్క వాక్యం కూర్పు మీద 1,20,000 తేడా వస్తుంది. అందుకే ఆఫర్ లెటర్ కాకుండా అసలు ఒప్పంద పత్రం మొత్తం చదవాలి. నోటీసు షరతు చాలాసార్లు అనుబంధంలోనో, ఆఫర్ లెటర్ ప్రస్తావించే కంపెనీ పాలసీలోనో దాగి ఉంటుంది. ప్రొబేషన్‌కు తక్కువ గడువు వేరుగా రాసి ఉంటే, తీసేసిన రోజుకు మీరు ప్రొబేషన్‌లో ఉన్నారా లేదా అన్నది కూడా చూసుకోవాలి.

క్లాజే లేకపోతేనే లెక్క 16 నెలలతో మొదలవుతుంది. అప్పుడు కూడా అది మొదలే, ముగింపు కాదు. ఎందుకో తెలియాలంటే మెసేజీలోని రెండో మాట దగ్గరకు రావాలి.

ఆ సలహా అన్నిటికంటే ప్రమాదకరం. 73వ సెక్షన్ కింద ఉన్న వివరణ, ఉల్లంఘన వల్ల కలిగిన ఇబ్బందిని తీర్చుకోవడానికి ఉన్న మార్గాలను కూడా లెక్కలోకి తీసుకోవాలంటుంది. ఉద్యోగం పోయినవాళ్ల విషయంలో ఆ మార్గం ఇంకో ఉద్యోగమే. ఖాళీగా కూర్చున్న నెలలకు జీతం ఇప్పించమంటే కోర్టు ఇప్పించదు. చేరితే కేసు పోదు. కొత్త చోట సంపాదించింది మాత్రమే తీసేసి, మిగతా లోటు ఇప్పిస్తారు.

పై ఉద్యోగికి నోటీసు క్లాజు లేదనుకుందాం. నిజాయితీగా వెతికితే నాలుగు నెలలకు, 2025 జూన్ 1న, 45,000 జీతంతో పని దొరికింది. కాంట్రాక్ట్ ముగిసేలోగా అక్కడ 12 నెలల సంపాదన 5,40,000. 9,60,000 లోంచి అది పోతే 4,20,000. అదీ అసలు నష్టం. అదే మనిషికి ఏప్రిల్ 1 నుంచే అలాంటి పనికి 50,000 ఇస్తామని ఆఫర్ వస్తే, మెసేజీని నమ్మి కాదన్నారనుకోండి. 14 నెలలకు 7,00,000 సంపాదించగలిగేవారని కోర్టు లెక్క కడుతుంది. మిగిలేది 2,60,000. అంటే ఆ సలహా పాటించినందుకు 1,60,000 పరిహారం తగ్గింది, చేతికి రావాల్సిన జీతమూ పోయింది.

దొరికిన ఏ పనికైనా ఒప్పుకోవాలని దీనర్థం కాదు. అకౌంట్స్ మేనేజర్‌గా చేసినవారిని డెలివరీ పనికి వెళ్లలేదేమని నిలదీయరు. కుటుంబాన్ని ఇంకో రాష్ట్రానికి మార్చాల్సి వచ్చే ఆఫర్‌ను వద్దన్నా తప్పు పట్టరు. మనిషి వివేకంతో ప్రయత్నించారా లేదా అన్నదే చూస్తారు. ఆ ప్రయత్నానికి రుజువు కావాలి. దరఖాస్తు చేసిన తేదీలు, ఇంటర్వ్యూ మెయిళ్లు, తిరస్కరణ జవాబులు, ఒక ఆఫర్ వద్దనుకుంటే దానికి కారణం, అన్నీ ఆ రోజే ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. రెండేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో కంపెనీ లాయరు మొదట అడిగేది వీటి గురించే. వెతకడానికి అయిన సహేతుకమైన ఖర్చుల రసీదులుంటే వాటినీ క్లెయిమ్‌లో కలపవచ్చు.

మూడో మాట మీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. యజమానికి, ఉద్యోగికి మధ్య వ్యక్తిగత సేవా ఒప్పందాన్ని కోర్టు బలవంతంగా కొనసాగించదు. నిర్దిష్ట ఉపశమన చట్టం 14వ సెక్షన్ అడ్డొస్తుంది. ప్రైవేటు కంపెనీలో మీకు దక్కేది డబ్బే. 1976 నాటి వైశ్ డిగ్రీ కాలేజీ తీర్పులో సుప్రీంకోర్టు మూడు మినహాయింపులు చెప్పింది: రాజ్యాంగం 311వ అధికరణం రక్షణ ఉన్న ప్రభుత్వోద్యోగి, పారిశ్రామిక చట్టం కిందకు వచ్చే కార్మికుడు, చట్టం విధించిన తప్పనిసరి నిబంధనను చట్టం ద్వారా ఏర్పడిన ఒక సంస్థ ఉల్లంఘించిన సందర్భం. మీ పని స్వభావాన్ని బట్టి మీరు కార్మికుడి నిర్వచనంలోకి వస్తే సివిల్ కోర్టుకు పోకముందు లేబర్ లాయరును కలవాలి. అక్కడి దారి, గడువులు, ఉపశమనం అన్నీ వేరు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దుకాణాలు, ఆఫీసుల్లో పనిచేసేవారికి ఇంకో ఆధారం ఉంది. 1988 దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన ఉద్యోగిని సహేతుక కారణం లేకుండా తీసేయకూడదు, కనీసం నెల రోజుల రాతపూర్వక నోటీసు గానీ ఆ నెల జీతం గానీ ఇవ్వాలి. దుష్ప్రవర్తన కింద తొలగిస్తే సంగతి వేరు. కాంట్రాక్ట్‌లో వారం నోటీసు అని రాసినంత మాత్రాన ఈ నెల కరిగిపోదు. దీని మీద అప్పీలు లేబర్ శాఖ అధికారి దగ్గర నడుస్తుంది. సంస్థను నడిపే మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవారికి మాత్రం ఇది అందకపోవచ్చు.

నాలుగో మాటకు జవాబు చిన్నది. ఆడిస్ కేసులోనే హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది, తీసేసిన తీరు ఎంత అవమానకరంగా ఉన్నా దానికి ఉల్లంఘన పరిహారంలో చోటు లేదని. మన సుప్రీంకోర్టు 2000లో ఘజియాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో మామూలు వ్యాపార ఒప్పందాల ఉల్లంఘనకు మనోవేదన పరిహారం ఉండదంది. బాధ నిజం కాదని ఎవరూ అనరు. ఆ బాధకు కాంట్రాక్ట్ చట్టం వెల కట్టదు, అంతే. నోటీసు ఎగ్గొట్టినందుకు విడిగా జరిమానా కూడా ఉండదు. నోటీసు కాలపు జీతమే ఆ ఉల్లంఘనకు పరిహారం.

ఇవన్నీ తెలిసినా చాలామంది మొదటి రోజే కేసును పోగొట్టుకుంటారు. హెచ్‌ఆర్ వాళ్లు గదిలోకి పిలిచి, "రికార్డులో తొలగింపు అని పడితే మీకే ఇబ్బంది, రాజీనామా ఇచ్చేయండి" అంటారు. సంతకం పెట్టాక కాగితం మీద తొలగింపు లేదు, కాబట్టి అక్రమ తొలగింపని నిరూపించడం కష్టం. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం మీద "ఇక ఏ బాకీ లేదు" అన్న వాక్యం ఉంటే అది కూడా అంతే ప్రమాదం. డబ్బు తీసుకోవాల్సి వస్తే "నోటీసు జీతంపై నా హక్కు వదులుకోకుండా, అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని సంతకం పక్కన రాసి, అదే మాట ఆ రోజే ఈమెయిల్ చేయాలి. ఆఫీసు మెయిల్ ఐడీ మూసేసేలోపు ఒప్పందం, జీతం స్లిప్పులు, తొలగింపు ఈమెయిల్ సొంత ఐడీకి పంపుకోవాలి. కంపెనీ రహస్య పత్రాలు మాత్రం వాటితో కలపకూడదు, ఎదురు కేసుకు దారి ఇచ్చినట్టవుతుంది.

తర్వాత లాయరు ద్వారా నోటీసు. అందులో అడిగే మొత్తం పై లెక్క ప్రకారమే ఉండాలి. 1,20,000 రావాల్సిన చోట 9,60,000కు దావా వేస్తే, కోర్టు ఫీజు మీరు అడిగిన మొత్తం మీద కట్టాలి. దావా వేయడానికి గడువు ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మూడేళ్లు. పై ఉదాహరణలో అది 2028 జనవరి చివరితో ముగుస్తుంది. కంపెనీ మెయిళ్లలో "చూస్తున్నాం, చెబుతాం" అంటూ ఎన్ని నెలలు గడిపినా, బాకీ ఉన్నట్టు రాసి సంతకం పెట్టనంతవరకు ఆ గడువు ఒక్క రోజు కూడా పెరగదు.